రెండున్నరా, నాలుగా? ఇంటి వైరు లెక్క

గోడల్లో పైపులు వేయడం పూర్తయ్యాక ఎలక్ట్రీషియన్ ఇంటాయన చేతికి ఒక చీటీ ఇస్తాడు. ఒకటిన్నర ఆరు చుట్టలు, రెండున్నర నాలుగు, నాలుగు ఒకటి అని అందులో రాసి ఉంటుంది. షాపులో ఆ చీటీ చూపించి ‘మంచి కంపెనీది ఇవ్వండి’ అంటాం. కంపెనీ గురించి వాకబు చేసే మనం ఆ అంకెల గురించి మాత్రం ఎవర్నీ అడగం. ఏ గదికి ఏ వైరు పోతోంది, గీజరుకు రెండున్నర చాలా, నాలుగు కావాలా అన్నది ఎలక్ట్రీషియన్ అలవాటుకే వదిలేస్తాం. వైరు ఒకసారి గోడలోకి వెళ్లిందంటే పాతికేళ్లో, ముప్పై ఏళ్లో అక్కడే ఉంటుంది. ఈలోగా ఇంట్లోకి ఏసీలు వస్తాయి, ఇండక్షన్ పొయ్యి వస్తుంది, బోరు పడుతుంది. అందుకే పైపులోకి వైరు లాగకముందే ఆ అంకెల లెక్క ఇంటివాళ్లకు తెలిసి ఉండాలి. అదేమంత కష్టమైన లెక్క కాదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. వైరును అడ్డంగా కోస్తే కనిపించే లోహపు ముఖం వైశాల్యం అది, చదరపు మిల్లీమీటర్లలో. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఈ లెక్కలోకి రాదు. పాతకాలపు మేస్త్రీలు ఇప్పటికీ త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అంటుంటారు. 3/20 అంటే ఇరవయ్యో గేజి తీగలు మూడు కలిపి మెలేసినది. ఆ గేజి లెక్కలో అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. చదరపు మిల్లీమీటర్లలోకి మారిస్తే 3/20 రెండుకు కాస్త తక్కువ, 7/20 నాలుగున్నర పైచిలుకు, 3/22 సుమారు 1.2 అవుతాయి. పాత ఇంటికి వైరు మారుస్తూ ‘అప్పట్లో త్రీ ట్వంటీ ఉంది, ఒకటిన్నర వేసేద్దాం’ అని ఎవరైనా అంటే, ఉన్నదానికన్నా సన్న వైరు వేస్తున్నట్టు. దానికి ఈనాటి బదులు రెండున్నరే.

వైరులో కరెంటు పారితే వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. రాగి ఆ వేడిని తట్టుకుంటుంది, తట్టుకోలేనిది పైనున్న పీవీసీ తొడుగు. మన ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు లోపలి లోహం 70 డిగ్రీలు దాటకుండా పనిచేయాలన్న లెక్కతో తయారవుతుంది. దాటితే అప్పటికప్పుడు కాలిపోదు. తొడుగు ఏళ్ల తరబడి ఎండి, గట్టిపడి, చిట్లుతుంది. చిట్లిన చోట ఫేజు న్యూట్రల్‌కో, తడిగోడకో తగిలిన రోజు ప్రమాదం బయటపడుతుంది. వైరు సైజు ఎంచుకోవడమంటే లోపలి వేడి ఎన్నడూ ఆ 70 దాటకుండా చూసుకోవడమే.

గోడలో పైపు గుండా పోయే రాగి వైరు ఎంత మోయగలదో కంపెనీలు పట్టికలు ఇస్తాయి. ఒక కంపెనీకీ మరో కంపెనీకీ కొద్దిపాటి తేడాలున్నా సుమారుగా ఒకటిన్నర 13, 14 ఆంపియర్లు, రెండున్నర 18, నాలుగు 24, ఆరు 31, పది 42 మోస్తాయి. వైశాల్యం రెట్టింపైనా మోత రెట్టింపు కాకపోవడం గమనించండి. లావు వైరులో లోపలి వేడి బయటికి పోవడానికి ఉపరితలం ఆ నిష్పత్తిలో పెరగదు మరి. ఇక మన వస్తువు తీసుకునే కరెంటు ఎంతంటారా? దాని వాట్లను 230తో భాగిస్తే వచ్చేస్తుంది. రెండు కిలోవాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 4.3. ఏసీకి భాగహారం అక్కర్లేదు, వెనక అంటించిన రేకు మీదే ఆంపియర్లు రాసి ఉంటాయి. ఒకటిన్నర టన్నుదైతే చాలావాటిపై ఏడెనిమిది కనిపిస్తుంది.

ఇంతవరకు చూసినవాళ్లు ‘గీజరుకు 8.7 కదా, ఒకటిన్నర వైరు 13 మోస్తుందిగా, ఇంకేం’ అంటారు. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. వైరును వస్తువుతోనే కాదు, ఎంసీబీతోనూ సరిచూడాలి. డీబీ పెట్టెలో ఉండే ఆ చిన్న మీట గీజరును కాపాడటానికి కాదు, దాని వెనకున్న వైరును కాపాడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. 18 ఆంపియర్లు పారుతున్నా అది గంటసేపు పడకుండా ఉండొచ్చని, 23 పారితే గంటలోపు పడిపోవాలని దాని ప్రమాణం చెబుతుంది. అంటే 13, 14 మోసే ఒకటిన్నర వైరుకు 16 ఎంసీబీ పెడితే, వైరు మోయలేని కరెంటు గంటలకొద్దీ పారుతున్నా ఎంసీబీ నిశ్చింతగా నిలబడే ఉంటుంది. కాబట్టి వస్తువు కరెంటు కన్నా ఎంసీబీ అంకె ఎక్కువ ఉండాలి, ఎంసీబీ అంకె కన్నా వైరు మోత ఎక్కువ ఉండాలి. ఈ వరుస చెడకూడదు. ఎంసీబీ ఊరికే పడిపోతోందని 16 తీసి 25 పెట్టించుకోవడం, వెనకటికి ఫ్యూజు పోతోందని లావు తీగ చుట్టినట్టే. పడిపోవడం ఆగుతుంది, వైరుకున్న కాపలా కూడా దాంతోనే పోతుంది.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుని లెక్క మొత్తం చేసి చూద్దాం. విజయవాడలో కింద పోర్షనూ, డాబా మీద ఒక గదీ ఉన్న ఇల్లనుకోండి. మీటరు, డీబీ కింద ఉన్నాయి. పై గదికి ఒకటిన్నర టన్ను ఏసీ, పక్క బాత్రూముకు రెండు కిలోవాట్ల గీజరు పెట్టాలి. డీబీ నుంచి వైరు పోయే దూరం పాతిక మీటర్లు. స్లాబు ఎప్పుడో పోసేశారు కనుక ఎలక్ట్రీషియన్ డాబా మీదుగా ఒకే పైపు వేసి, రెండింటి వైర్లూ అందులోంచే లాగుదామన్నాడు. ఏసీకి 8, గీజరుకు 8.7 ఆంపియర్లు. రెండింటికీ విడివిడిగా 16 ఎంసీబీలు. పట్టిక ప్రకారం రెండున్నర వైరు 18 మోస్తుంది కాబట్టి రెండున్నర చాలని అందరూ అనేస్తారు.

అయితే ఆ 18 అన్నది చుట్టూ వేడి 40 డిగ్రీలున్నప్పటి మాట. మే నెలలో డాబా మీద ఎండకు కాగే పైపు లోపల 50కి తగ్గదు. వైరుకు 70 హద్దు అయినప్పుడు, 40 దగ్గర మొదలుపెడితే 30 డిగ్రీల వెసులుబాటు ఉంది. 50 దగ్గర మొదలుపెడితే 20 డిగ్రీలే మిగులుతుంది. ఈ ఒక్క కారణానికే వైరు మోత నూటికి 82 వంతులకు పడిపోతుంది. రెండున్నర వైరు 18 కాస్తా 14.8 అయింది. పైగా ఒకే పైపులో రెండు సర్క్యూట్ల వైర్లు పక్కపక్కనే వేడెక్కుతున్నాయి. ఒకదాని వేడి ఇంకొకదానికి తగులుతుంది కనుక మోతలో ఇంకో ఐదో వంతు తీసేయాలి. 14.8లో ఐదో వంతు పోతే 11.8 మిగిలింది. గీజరు తీసుకునే 8.7 కన్నా అది ఎక్కువే, ఇవాళ్టికి ఇబ్బందేమీ లేదు. కానీ దాని ముందున్న ఎంసీబీ 16. రేపు ఆ గీజరు పాడై మూడు కిలోవాట్లది బిగిస్తే 13 ఆంపియర్లు పారుతుంది. ఎంసీబీకి అది లెక్కే కాదు, వైరుకు మాత్రం హద్దు దాటినట్టు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

నాలుగు వైరుతో అదే లెక్క చేయండి. 24లో నూటికి 82 వంతులు 19.7, అందులో ఐదో వంతు తీసేస్తే 15.7. దాదాపు 16. ఎంసీబీతో సరితూగింది. ఈ ఇంటికి, ఈ దారికి నాలుగు వైరే సరైనది. ఇంకో ఉపాయమూ ఉంది. పైపును డాబా మీద నుంచి కాకుండా నీడపడే గోడ వెంట ఎక్కించి, ఏసీకి ఒకటి, గీజరుకు ఒకటి వేరువేరు పైపులు వేస్తే 50 డిగ్రీల కోత, ఐదో వంతు కోత రెండూ పోతాయి. రెండున్నర వైరే 18 మోస్తూ 16 ఎంసీబీ కింద హాయిగా ఉంటుంది. రెండు సర్క్యూట్లకు ఫేజు, న్యూట్రల్ కలిపి వంద మీటర్ల వైరు, అంటే 90 మీటర్ల చుట్ట ఒకటీ, ఇంకాస్తా పడుతుంది. లావు వైరు ఖర్చెంత, రెండో పైపు ఖర్చెంత అని పోల్చి చూసుకుని ఏదో ఒకటి చేయొచ్చు. నా మట్టుకు నేను నీడ దారినే ఎంచుకుంటాను. ఎండలో కాగే పైపులో వైరుతో పాటు పైపు కూడా పెళుసెక్కుతుంది. ఏ దారైనా సరే, ఏసీ న్యూట్రలూ గీజరు న్యూట్రలూ కలిపి ఒకే వైరుగా లాగనివ్వకండి. వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్ గుండానే తిరిగొస్తుంది, రెండింటి బరువూ ఆ ఒక్క వైరు మీద పడుతుంది. ఎర్త్ వైరు కూడా ఫేజు వైరంత లావు ఉండాలి.

పాతిక మీటర్ల దూరానికి వేడి లెక్క చూసుకుంటే సరిపోయింది. దూరం పెరిగితే వోల్టేజి లెక్క ముందుకొస్తుంది. పల్లెల్లో దొడ్డి చివరో, తోటలోనో బోరు ఉంటుంది. ఇంటి నుంచి వంద మీటర్లు, ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, తిరిగేటప్పుడు ఏడు ఆంపియర్లు అనుకుందాం. మోత ఒక్కటే చూస్తే రెండున్నర రాగి వైరు ఎక్కువే. కానీ పోవడానికి వంద, రావడానికి వంద, మొత్తం రెండు వందల మీటర్ల వైరు. దాని నిరోధం 1.6 ఓములు. ఏడు ఆంపియర్లకు 11 వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. అంతవరకు ఫర్వాలేదు. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో మాత్రం ఐదు రెట్లదాకా కరెంటు లాగుతుంది. అప్పుడు 35 ఆంపియర్లకు 56 వోల్టులు పోతాయి. సాయంత్రం ఊళ్లో వోల్టేజి 200 ఉందనుకోండి, మోటారు దగ్గరికి చేరేది 144. మోటారు తిరగదు, గుయ్యిమని మూలుగుతూ కరెంటు లాగుతూనే ఉంటుంది. అలా కొన్నాళ్లయ్యేసరికి కెపాసిటరో, వైండింగో కాలిపోతుంది. ‘మోటారు మంచిది కాదు’ అని కొత్తది తెస్తారు. అదీ అలాగే పోతుంది.

అదే ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే, మోటారు కదిలేటప్పుడు కూడా పోయేది 22, 23 వోల్టులే. అయితే రెండు వందల మీటర్ల ఆరు వైరంటే పది కిలోలకు పైగా రాగి. అంత ఖర్చు దేనికి, అల్యూమినియం వేయొచ్చు కదా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. నిజానికి దాన్ని అడగాల్సిన చోటు కూడా ఇదే.

ఒకే లావున్న రాగి, అల్యూమినియం తీగలు తీసుకుంటే, రాగి వందకు అల్యూమినియం అరవై పాళ్లే కరెంటుకు దారి ఇస్తుంది. ఆ లోటు తీర్చడానికి లావు పెంచాలి. బజారులో దొరికే సైజుల్లో ఇది చక్కగా కుదిరింది. రాగి రెండున్నరకు అల్యూమినియం నాలుగు, రాగి నాలుగుకు ఆరు, ఆరుకు పది, పదికి పదహారు. ఒక్కో మెట్టు ఎక్కితే నిరోధం దాదాపు సమానమవుతుంది. అలా లావు పెంచినా తూకంలో రాగికి సగమే ఉంటుంది, ఎందుకంటే అల్యూమినియం సాంద్రత రాగిలో మూడో వంతుకన్నా తక్కువ. కిలో ధరలోనూ చాలా తేడా ఉంది. అందుకే స్తంభాల మీద సాగే కరెంటు తీగలన్నీ అల్యూమినియమే. మన బోరు మోటారుకు పది చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ వేసి భూమిలో పాతితే ఆరు రాగితో సమానంగా పనిచేస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. దాన్ని నేను నిస్సంకోచంగా వేయమంటాను.

మరి ఇంటి లోపల ఎందుకు వద్దంటాం? లోహం నాసిరకం అని కాదు. వంద మీటర్ల అల్యూమినియం తీగ మధ్యలో ఎక్కడా సమస్య రాదు. వచ్చేదంతా రెండు కొసల్లోనే, అంటే స్క్రూ కింద బిగించిన ఆ అంగుళం మేరలోనే. బోరు కేబుల్‌కు కొసలు రెండే. ఇంట్లో ఒక్కో స్విచ్చి బోర్డు వెనక పది కొసలుంటాయి, ఇల్లు మొత్తం మీద వందల్లో ఉంటాయి.

ఆ కొసల దగ్గర ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. అల్యూమినియంను గీకి తళతళలాడించిన మరుక్షణమే గాలి తగిలి దాని మీద ఆక్సైడు పొర కడుతుంది. కంటికి కనిపించనంత పలచన, కానీ ఆ పొర కరెంటును పారనివ్వదు. రాగి మీద కట్టే చిలుము ఇంత అడ్డం కాదు. రెండోది, అల్యూమినియం మెత్తన. స్క్రూ బిగించి ఉంచితే ఆ ఒత్తిడికి లోహం నెమ్మదిగా పక్కలకు జరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ ఎవరూ ముట్టుకోకుండానే బిగింపు వదులవుతుంది. మూడోది, వేడికి అది రాగి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. గీజరు వేసినప్పుడల్లా ఉబ్బి స్క్రూ కింద నలుగుతుంది, ఆపినప్పుడు ముడుచుకుని సందు వదులుతుంది. ఆ సందులోకి గాలి చేరి మళ్లీ ఆక్సైడు కడుతుంది. పొర కట్టేకొద్దీ అక్కడ వేడి పెరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ వదులు పెరుగుతుంది. ఇక రాగి తీగను, అల్యూమినియం తీగను నేరుగా కలిపి మెలేసి టేపు చుడితే, తేమ తగిలినప్పుడల్లా అల్యూమినియం వైపు తెల్లటి పొడిగా తినేసుకుపోతుంది. బాత్రూము గోడల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

ఇలాంటి వదులు జాయింటు నిరోధం అర ఓముకు చేరిందనుకోండి. గీజరు 8.7 ఆంపియర్లు దాని గుండా పారితే ఆ ఒక్క చుక్కంత చోట 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవాళ్లు సీసం కరిగించే సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటుంది. అంతకన్నా వేడైనదొకటి ప్లాస్టిక్ బోర్డు వెనక, చెక్క పెట్టెలో అరగంట సేపు వెలుగుతోందన్నమాట. ఎంసీబీ పడిపోదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు, నిజానికి ఒక పిసరు తగ్గింది. షాకు నుంచి కాపాడే ఆర్‌సీసీబీ కూడా కదలదు, ఎర్త్‌లోకి ఏమీ పోవడం లేదు. జాయింటు వేడిని పసిగట్టే మీట మన డీబీలో ఏదీ లేదు. అల్యూమినియం విషయంలో నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఇదే.

అమెరికాలో ఈ సంగతి పెద్ద ఎత్తున బయటపడింది. 1960ల మధ్యలో రాగి ధర పెరగడంతో అక్కడ 1965 నుంచి 1973 దాకా చాలా ఇళ్లకు లోపలి వైరింగు కూడా అల్యూమినియంతోనే చేశారు. మంటల ఫిర్యాదులు రావడంతో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ అధ్యయనం చేయించింది. 1972కు ముందు అల్యూమినియం వైరింగు చేసిన ఇళ్లలో కనీసం ఒక జాయింటైనా మంట రేపేంత వేడికి చేరే అవకాశం, రాగి వైరింగు ఇళ్లతో పోలిస్తే 55 రెట్లు ఎక్కువని తేలింది. మన దగ్గరా రాగిని ఎక్కువగా దిగుమతి చేసుకోవాల్సిన ఆ రోజుల్లో ఇళ్లకు అల్యూమినియం వైరు విరివిగా వాడారు. అప్పట్లో ఇంటికి నాలుగు ట్యూబులైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక రేడియో ఉండేవి. రెండు మూడు ఆంపియర్లకు జాయింటు వేడెక్కేది కాదు. ఇప్పుడు ఆ వైరుకే గీజరు తగిలిస్తున్నారు.

కాబట్టి నేను గీసుకునే గీత ఇది. డీబీ నుంచి స్విచ్చి బోర్డులకు, ప్లగ్గులకు, ఏసీకి, గీజరుకు పోయే ప్రతి వైరూ రాగిదే కావాలి. ఎక్కువ దూరం సాగే, కొసలు రెండే ఉండే, పది చదరపు మిల్లీమీటర్లూ అంతకు పైబడిన కేబుల్‌కు అల్యూమినియం వేయొచ్చు. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు ఎలాగూ అదే. వేసిన చోట కొస పనిని మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. తొడుగు ఒలిచాక తీగను ఇనుప బ్రష్షుతో రుద్దాలి, వెంటనే జాయింటు పేస్టు పూయాలి. ఆ సైజుకు సరిపడే లగ్గులో దూర్చి క్రింపింగ్ యంత్రంతో నొక్కాలి. సుత్తితో కొట్టి నొక్కింది లెక్కలోకి రాదు. అవతల రాగి ఉంటే ఒకవైపు అల్యూమినియం, రెండోవైపు రాగి ఉండే బైమెటాలిక్ లగ్గు కొనాలి. బోల్టు కింద స్ప్రింగు వాషరు వేస్తే లోహం జరిగినా బిగింపు నిలుస్తుంది. ఏడాదికోసారి మెయిన్ ఆపి ఆ బోల్టు వదులైందేమో చూపించుకోవాలి.

రాగి కొంటున్నామనుకుని అల్యూమినియం తెచ్చుకునే ప్రమాదం కూడా బజారులో ఉంది. అల్యూమినియం పోగుల మీద రాగి పూత వేసి అమ్ముతారు. కొస చూస్తే ఎర్రగా, అచ్చం రాగిలానే ఉంటుంది. ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. తూకం ఇంకా తేలిక పరీక్ష. రెండున్నర వైరు 90 మీటర్ల చుట్టలో రాగి ఒక్కటే దాదాపు రెండు కిలోలుండాలి, తొడుగు బరువు దానికి అదనం. మొత్తం చుట్ట రెండు కిలోలు కూడా తూగకపోతే అది ఆ సైజు రాగి వైరు కానే కాదు. అసలైన రాగిలోనే సైజు తగ్గించి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఒకటిన్నర రాగి వ్యాసం 1.4 మిల్లీమీటర్లు, రెండున్నరది 1.8. పైన ప్లాస్టిక్ కాస్త మందంగా పోస్తే కంటికి తేడా తెలియదు. సాధారణంగా రెండున్నర వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి, ఒకటిన్నరలో 22. పోగుల సంఖ్య కంపెనీని బట్టి మారొచ్చు కనుక లెక్కపెట్టి ఊరుకోకుండా తూకం కూడా చూడండి. తొడుగు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె, సైజు వరసగా అచ్చయి ఉండాలి.

ఇక 1980లలోనో, అంతకు ముందో కట్టిన ఇంట్లో ఉంటున్నవాళ్ల సంగతి. ముందు మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేత ఒక స్విచ్చి బోర్డు విప్పించండి. తీగ కొస తెల్లగా ఉంటే వెంటనే అల్యూమినియం అనుకోవద్దు. ఇంకా పాతకాలపు రబ్బరు తొడుగు వైర్లలో రాగికే తగరం పూత ఉండేది. కత్తితో గీకితే లోపల ఎరుపు తేలింది రాగి. గీకినా తెల్లగానే ఉండి, ఒంటి పోగుగా, నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే విరిగిపోయేది అల్యూమినియం. బోర్డు విప్పకుండానే తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. గీజరో ఇస్త్రీపెట్టో పావుగంట నడిచాక స్విచ్చి పలక వెచ్చబడటం, ప్లగ్గు కాళ్లు నల్లబడటం, పెద్ద వస్తువు వేయగానే ఆ గదిలో లైటు కళ తప్పడం, ఎక్కడిదో తెలియకుండా ప్లాస్టిక్ కమురు వాసన రావడం. వీటిలో ఏది కనిపించినా ఆ ప్లగ్గు వాడటం ఆ రోజే ఆపేయాలి.

ఇల్లంతా ఒక్కసారే వైరింగు మార్చించుకునే స్తోమత అందరికీ ఉండదు. అప్పుడు ఏసీ, గీజరు, వంటగది ప్లగ్గులు, ఈ మూడింటికీ డీబీ నుంచి నేరుగా కొత్త రాగి వైరు, వేరే ఎంసీబీలు వేయించాలి. పాత అల్యూమినియం వైరు ఫ్యాన్లకు, లైట్లకే ఉంచి, దాని మీద ఆరు ఆంపియర్ల ఎంసీబీ పెట్టించాలి. అప్పుడు ఎవరైనా తెలియక ఆ గదిలో ఇస్త్రీపెట్టె, హీటరు కలిపి వేసినా అది పడిపోతుంది. పాత తీగకు ముక్క అతికి పొడిగించే పని ఎక్కడా చేయనివ్వకండి. కొత్త వైరు వేశాక గీజరుకు అంతకుముందు పోయిన పాత తీగను డీబీ దగ్గర, బాత్రూము బోర్డు దగ్గర రెండు వైపులా విప్పించి, వీలైతే పైపులోంచి లాగేయించాలి. లాగడం కుదరకపోతే రెండు కొసలూ గోడలోకి కత్తిరించేయించండి. బోర్డులో వేలాడుతూ ఉంటే, ఇంకో ఐదేళ్లకు వచ్చే మరో ఎలక్ట్రీషియన్ దాన్ని ఖాళీగా ఉన్న మంచి వైరనుకుని మళ్లీ కరెంటు కలిపేస్తాడు.